రేటు పెరిగింది, చేతికొచ్చింది తగ్గింది: ఒకే ఫ్యాక్టరీ ఉన్న చోట చెరకు ధర

ఒక చెరకు రైతుల సంఘం నా దగ్గరికి తెచ్చిన ప్రశ్న ఇది. ఫ్యాక్టరీ ఈ సీజన్‌కి రేటు పెంచింది. పెంచిన మాట నిజమే, నోటీసు బోర్డు మీద ఉంది. మరి చేతికొచ్చిన డబ్బు పోయినేటి కన్నా ఎందుకు తగ్గింది?

రైతు సంఘాల తరఫున ధరల లెక్కలు చూడటం, ఫ్యాక్టరీలతో ఒప్పందాలు రాయించడం నా పని. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు అందరి చూపూ మొదట కాటా మీదికే పోతుంది. తూకంలో మోసం ఉందా అని అడుగుతారు. ఇక్కడ కాటా సరిగానే ఉంది. అసలు సంగతి వేరే: చుట్టుపక్కల చెరకు కొనేది ఆ ఒక్క ఫ్యాక్టరీయే. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు ధర అన్నది బోర్డు మీద రాసిన అంకె ఒక్కటే కాదు. ఎప్పుడు నరకాలి, ఎప్పుడు తూస్తారు, ఎంత తరుగు తీస్తారు, డబ్బు ఎన్నాళ్లకి ఇస్తారు, ఇవన్నీ ధరే. వీటిని విడివిడిగా చూస్తే ఏదీ అంత పెద్దగా అనిపించదు. కలిపి చూస్తే అసలు ధర బయటపడుతుంది.

ఊళ్ల పేర్లు, ఫ్యాక్టరీ పేరు తీసేశాను. అంకెల్ని పోల్చుకోవడానికి వీలుగా గుండ్రంగా సరిచేశాను.

ముందుగా కొలత గురించి ఒక మాట. చెరకు ధరని డబ్బుల్లో లెక్కపెడితే తప్పుదారి పడతాం. చక్కెర ధర పెరిగిన ఏడు చెరకు రేటు కూడా కాస్త పెరుగుతుంది, రైతు సంతోషపడతాడు, కానీ ఆ పెరుగుదలలో తన వాటా పెరిగిందా తగ్గిందా అన్నది డబ్బుల్లో కనపడదు. అందుకే నేను అన్నిటినీ చక్కెర కిలోల్లోకి మారుస్తాను. టన్ను చెరకుకి రైతుకిచ్చిన డబ్బుతో, ఫ్యాక్టరీ అమ్మిన ధరకే, ఎన్ని కిలోల చక్కెర వస్తుంది? ఈ ఫ్యాక్టరీ టన్ను చెరకు నుంచి 105 కిలోల చక్కెర తీస్తోంది, అంటే రికవరీ 10.5 శాతం. పోయినేడు టన్నుకి ప్రకటించిన రేటు 60 కిలోల చక్కెర విలువ. ఈ ఏడు 62. ఇకపై ఈ వ్యాసంలో కిలో అంటే చక్కెర కిలో విలువ అనే.

ఒక్కడే ఎందుకున్నాడు

బ్రిటిష్ ఆర్థికవేత్త జోన్ రాబిన్సన్ 1933లో మోనాప్సనీ అన్న మాటను అర్థశాస్త్రంలోకి తెచ్చారు. తెలుగులో కొనుగోలు గుత్తాధిపత్యం అనుకోవచ్చు. ఆ మాట వినగానే ఎవరో కావాలని పోటీదారుల్ని తరిమేశారని అనిపిస్తుంది. చెరకు విషయంలో చాలావరకు ఆ పని పంటే చేస్తుంది. చెరకు బరువులో దాదాపు 70 శాతం నీళ్లే. పది టన్నుల చెరకు మోస్తే అందులో చక్కెర ఒక టన్ను. పైగా నరికిన గంట నుంచీ గడలో ఉన్న సుక్రోజ్ విరగడం మొదలవుతుంది. 24 గంటల్లో గానుగలో పడితే మంచిది, 48 గంటలు దాటితే నష్టం స్పష్టంగా కనపడుతుంది. కాల్చి నరికిన చెరకైతే ఇంకా త్వరగా పాడవుతుంది. గోధుమ, పత్తి లాగా గోదాములో పెట్టుకుని మంచి ధర కోసం ఆగడానికి లేదు, దూరం తీసుకెళ్లడానికీ లేదు.

కొన్ని చోట్ల చట్టం కూడా దూరాన్ని పెంచుతుంది. భారతదేశంలో 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు కింద రెండు ఫ్యాక్టరీల మధ్య కనీసం 15 కిలోమీటర్లు ఉండాలి, రాష్ట్రాలు దాన్ని ఇంకా పెంచుకోవచ్చు. ఫ్యాక్టరీకి సరిపడా చెరకు దొరకాలన్నది దాని ఉద్దేశం. రైతు వైపు నుంచి చూస్తే రెండో గేటు అంత దూరం జరిగినట్టే.

మా కేసులో రెండో ఫ్యాక్టరీ 70 కిలోమీటర్ల దూరంలో ఉంది. అది టన్నుకి 72 కిలోలు ఇస్తోంది. సంఘం కార్యదర్శి మొదటి సమావేశంలోనే అడిగారు: "అక్కడ 72 ఇస్తుంటే ఇక్కడ 62కి ఎందుకు పోస్తున్నాం సార్?" జవాబు రవాణాలో ఉంది. టన్ను చెరకుని ఒక కిలోమీటరు మోయడానికి 0.2 కిలో ఖర్చవుతోంది, ఆ ఖర్చు రైతుదే. మన ఫ్యాక్టరీకి 10 కిలోమీటర్లలో ఉన్న ఊరు తీసుకుందాం. ఇక్కడ పోస్తే 62 లోంచి రవాణా 2 పోను 60 మిగులుతుంది. అక్కడికి 60 కిలోమీటర్లు. 72 లోంచి రవాణాకి 12, ఒక రోజు ఆలస్యమై ఎండినందుకు మరో 2 పోతే 58. అందుకే ఇక్కడే పోస్తున్నారు.

60 కీ 58 కీ మధ్య తేడా ఎంత చిన్నదో చూడండి. అది కాకతాళీయం కాదు. రైతు వేరే దారి పట్టకుండా ఉండటానికి ఎంత కావాలో అంతకు ఒకటి రెండు ఎక్కువ ఇస్తే సరిపోతుంది. 62 అన్న అంకె చెరకు సాగు ఖర్చు నుంచి పుట్టలేదు, చక్కెర ధర నుంచీ పుట్టలేదు. 70 కిలోమీటర్ల దూరం నుంచి పుట్టింది.

ఇది ఊహ కాదని తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. రెండు ఫ్యాక్టరీలకీ నడుమ పడే అంచు ఊళ్లకి వెళ్లి చూడాలి. అక్కడొక ఊరు మన ఫ్యాక్టరీకి 32 కిలోమీటర్లు, దానికి 38. ఇక్కడ పోస్తే రవాణా పోను వాళ్లకి 55.6 మిగలాలి, అక్కడ పోస్తే 64.4. లెక్క ప్రకారం ఒక్క బండి కూడా మన ఫ్యాక్టరీకి రాకూడదు. కానీ ఊరంతా ఇక్కడికే పోస్తోంది. ఎందుకంటే ఆ ఊరికి మాత్రం ఫ్యాక్టరీ "రవాణా సాయం" పేరుతో టన్నుకి 9 కిలోలు అదనంగా ఇస్తోంది. అప్పుడు వాళ్ల చేతికి 64.6 వస్తుంది, అవతలి ఫ్యాక్టరీ కన్నా కొంచెం ఎక్కువ. ఎంత కావాలో అంతే.

నిజంగా దూరం చూసి ఇచ్చే సాయమైతే, రెండో ఫ్యాక్టరీ లేని దిక్కున 30 కిలోమీటర్ల అవతల ఉన్న ఊళ్లకీ ఇవ్వాలి. వాళ్లకి పైసా లేదు. ఒకే చెరకుకి, ఒకే గేటు దగ్గర, రైతుకి ఇంకో దారి ఉందా లేదా అన్నదాన్ని బట్టి వేర్వేరు ధరలు పడుతుంటే అక్కడ కొనుగోలు గుత్తాధిపత్యం పని చేస్తోందని గట్టిగా చెప్పొచ్చు. నేను ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది సాయాల జాబితానే, రేటు తర్వాత.

చెరకు చాలక కూడా రేటు ఎందుకు పెంచదు

రైతులకి అన్నిటి కన్నా అంతుపట్టనిది ఇది. ఈ ఫ్యాక్టరీ సీజన్‌కి 5 లక్షల టన్నులు ఆడగలదు. వచ్చేది 4 లక్షలు. నెల ముందే గానుగ ఆపేస్తున్నారు. ఇంకొంచెం ఇస్తే ఇంకొంచెం చెరకు వేస్తారు కదా, వాళ్లకీ లాభమే కదా?

ఫ్యాక్టరీ కుర్చీలో కూర్చుని లెక్క వేద్దాం. టన్ను చెరకు నుంచి 105 కిలోల చక్కెర వస్తుంది. మొలాసిస్, పిప్పితో తీసే కరెంటు కలిపి మరో 8 కిలోల విలువ. మొత్తం 113. అందులోంచి ఆడించడానికి అయ్యే రసాయనాలు, కూలీ, సంచులు వగైరా 20 తీసేస్తే, అదనంగా వచ్చే ప్రతి టన్నూ ఫ్యాక్టరీకి 93 కిలోల విలువ చేస్తుంది. రైతుకిచ్చేది 62. మధ్యలో 31 ఉంది. చూడగానే, రేటుని 65 చేసినా ప్రతి కొత్త టన్ను మీద 28 మిగులుతుంది కదా అనిపిస్తుంది.

ఇక్కడే కీలకం ఉంది. పాత రికార్డుల్లో రేటు మారినప్పుడు సాగు ఎంత మారిందో చూస్తే, రేటు 3 కిలోలు పెరిగితే సుమారు 20 వేల టన్నులు అదనంగా వస్తాయని తేలింది. ఆ 20 వేల టన్నులకి 65 చొప్పున 13 లక్షల కిలోలు ఖర్చు. అంతటితో అయిపోలేదు. కొత్త రైతుకి 65 ఇచ్చి పాత రైతుకి 62 ఇవ్వడం కుదరదు. ఇప్పటికే వస్తున్న 4 లక్షల టన్నులకీ 3 చొప్పున పెంచాలి, అది 12 లక్షలు. మొత్తం 25 లక్షల కిలోలు పెడితే వచ్చేది 20 వేల టన్నులు. అంటే ప్రతి అదనపు టన్నూ ఫ్యాక్టరీకి 125 కిలోలకి పడుతోంది. దాని విలువ 93.

అందుకే గానుగ ఖాళీగా ఉన్నా రేటు పెరగదు. యాజమాన్యం మంచిదా చెడ్డదా అన్నదానితో దీనికి సంబంధం లేదు. వంద మంది కొనేవాళ్లు ఉంటే ఏ ఒక్కరూ తమ కొనుగోలుతో మొత్తం ధరని కదపలేరు, కాబట్టి 93 విలువ చేసే సరుకుకి 65, 70 ఇచ్చి ఎగబడి కొంటారు. ఒక్కడే ఉన్నప్పుడు తను పెంచే ప్రతి కిలో పాత సరుకు మీద కూడా పడుతుంది. అందుకే తక్కువ కొని, తక్కువకి కొనడం అతనికి లాభం. నష్టం రైతుకొక్కడికే కాదు. వేయదగిన చెరకు వేయకుండా, ఆడదగిన గానుగ ఆడకుండా మిగిలిపోయిన లక్ష టన్నుల్లో చాలా భాగం ఇద్దరికీ కాకుండా పోయింది.

అంచు ఊళ్ల సాయం గుట్టు కూడా ఇక్కడే విడిపోతుంది. "రేటు" అని కాకుండా "సాయం" అని పేరు పెడితే, పాత 4 లక్షల టన్నులకి అది వర్తించదు.

ఇదే లెక్క తిరగేస్తే ఇంకో విషయం తెలుస్తుంది. రేటుకి కింద గట్టు కడితే, ఉదాహరణకి 66 కి తక్కువ ఇవ్వకూడదని ఒప్పందమో చట్టమో ఉంటే, అప్పుడు అదనపు టన్ను ఫ్యాక్టరీకి 66 కే పడుతుంది, 125 కి కాదు. పాతవాళ్లకి ఎలాగూ ఇచ్చేశారు కాబట్టి ఇక కొనకుండా ఆగడంలో లాభం లేదు. వచ్చినంత చెరకు తీసుకుంటారు. ధర పెరిగి, కొనుగోలు కూడా పెరుగుతుంది. పోటీ ఉన్న సంతలో కనీస ధర పెడితే కొనేవాళ్లు తగ్గుతారు, సరుకు మిగిలిపోతుంది. ఇక్కడ అలా జరగదు.

అయితే గట్టు ఎంత ఎత్తు కట్టొచ్చు? సంఘంలో కొందరు 76 అడుగుదామన్నారు. దీనికి ఫ్యాక్టరీ స్థిర ఖర్చులు చూడాలి: అప్పు వాయిదాలు, సీజన్ కాని నెలల జీతాలు, యంత్రాల మరమ్మతులు కలిపి ఏడాదికి 88 లక్షల కిలోలు. ఇప్పుడు 62 దగ్గర టన్నుకి 31 మిగిలి, 4 లక్షల టన్నుల మీద 124 లక్షలు వస్తున్నాయి. స్థిర ఖర్చు పోను లాభం 36 లక్షలు. రేటు 66 అయితే చెరకు సుమారు 4.26 లక్షల టన్నులకి పెరుగుతుంది, లాభం 27 లక్షలకి దిగుతుంది. 74 దగ్గర 4.8 లక్షల టన్నులు ఆడినా మిగిలేది 3 లక్షలే. 76 దగ్గర నష్టం మొదలు. అంటే మాట్లాడుకోవడానికి జాగా అవతలి ఫ్యాక్టరీ కాపాడే 60 నుంచి 74 దాకా ఉంది. 74 దాటి సంతకం పెట్టించుకుంటే ఆ డబ్బు రాదు, బకాయి వస్తుంది. చెరకు రేటు ఒక చోట కట్టేసి ఉండి చక్కెర ధర పడిపోయినప్పుడల్లా భారతదేశంలో బకాయిలు గుట్టలు పడటం చూస్తూనే ఉన్నాం.

ఎంచుకునే ముందు కనపడేది, ఎంచుకున్నాక పడేది

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. 60 నుంచి 62 కి పెరిగింది. చేతికి తగ్గింది. ఎలా?

కొందరు రైతుల దగ్గర టోకెన్లు, తూకం చీటీలు అడిగి తీసుకున్నాను. యార్డులోకి బండి రాగానే ఇచ్చే టోకెన్ మీద సమయం అచ్చు పడుతుంది. కాటా ఎక్కాక వచ్చే చీటీ మీద కూడా సమయం ఉంటుంది. రైతులు చీటీలో బరువు చూసుకుని, టోకెన్ పారేస్తారు. ఒక రైతు మాత్రం రెండిటినీ కలిపి పిన్ను కొట్టి దాచారు. టోకెన్ మీద పొద్దున 6 గంటల 40 నిమిషాలు. చీటీ మీద మర్నాడు మధ్యాహ్నం 1 గంట 10 నిమిషాలు. అంటే బండి 30 గంటలకు పైగా ఎండలో నిలబడింది, ఆ తర్వాతే తూచారు. ఆయన పక్కనే వాళ్లబ్బాయి పోయినేటి చీటీలు కూడా పెట్టాడు, అప్పుడు నిరీక్షణ అందులో సగం.

ఈ మధ్యలో పోయేది ఎక్కువగా నీళ్లు. గడ బరువు రెండు శాతం దాకా తగ్గుతుంది. అందులోని చక్కెర మొదటి రోజు అంతగా పోదు. బరువుకి డబ్బిచ్చే చోట, నీళ్లు ఆవిరైతే నష్టం రైతుది, చక్కెర మాత్రం దాదాపుగా ఫ్యాక్టరీకి చేరుతుంది. యార్డులో బండ్ల వరుస ఎప్పుడూ నిండుగా ఉంటే గానుగ ఆగదు, ఫ్యాక్టరీకి అది కూడా కలిసొస్తుంది. వరుస పొడుగుకి అయ్యే ఖర్చు తనది కానప్పుడు దాన్ని తగ్గించే అవసరం ఎవరికి ఉంటుంది?

ఇక తరుగు. ఆకు, వేరు, మట్టి పేరుతో పోయినేడు రెండు శాతం తీశారు. ఈ ఏడు ఐదు. చెత్త నిజంగా పెరిగిందా అంటే, నమూనా తీసి తూచిన కాగితం ఒక్కటీ లేదు. బండిని చూసి గుమాస్తా వేసిన అంకె అది. ప్రతి బండికీ అదే ఐదు పడటం చూస్తేనే అర్థమవుతుంది. నిజంగా కొలిచి ఉంటే ఒకదానికి రెండు, ఇంకోదానికి ఆరు, మరోదానికి మూడున్నర ఉండాలి.

ఆ తర్వాత చెల్లింపు. పోయినేడు నెలకి ఇచ్చారు, ఈ ఏడు నాలుగు నెలలకి. రైతు నెలకి రెండు శాతం వడ్డీకి తెచ్చి పంట పెట్టాడు. నాలుగు నెలలంటే ఎనిమిది శాతం. ఆ నాలుగు నెలలూ రైతు డబ్బుతో ఫ్యాక్టరీ వడ్డీ లేకుండా నడిచింది.

కలిపి చూద్దాం. పోయినేడు 60 లోంచి తరుగు 1.2, ఎండు 0.6, వడ్డీ 1.2 పోతే 57. ఈ ఏడు 62 లోంచి తరుగు 3.1, ఎండు 1.2, వడ్డీ 4.6 పోతే 53. రేటు రెండు కిలోలు పెరిగింది, చేతికొచ్చింది నాలుగు తగ్గింది.

ఇక్కడ ఆలోచించే పాఠకుడికి ఒక సందేహం రావాలి. చేతికొచ్చేది ఇంతలా తగ్గితే, అవతలి ఫ్యాక్టరీ మేలు కదా, అందరూ అటే పోవాలి కదా? పోలేరు. అవతలి ఫ్యాక్టరీ సీజన్‌కి ముందే తోటలు నమోదు చేసుకుంటుంది. ఆ గడువు దాటాక కొత్త చెరకు తీసుకోదు. రైతు ఎటు పోవాలో తేల్చుకునే రోజున అతనికి కనపడేది బోర్డు మీది రేటు ఒక్కటే. అందుకే రవాణా, ఎండు పోను మిగిలేది అవతలి దాని కన్నా కాస్త ఎక్కువ ఉండేలా దాన్ని పెడతారు. తరుగు, నిరీక్షణ, ఆలస్యం, ఇవన్నీ చెరకు నరికాక, ఇక దారి లేనప్పుడు వచ్చి పడతాయి. గుత్తాధిపత్యం నిజమైన బలం చూపించేది అప్పుడే. పోటీ ఉన్న రోజున ధర, పోటీ పోయిన రోజున షరతులు.

నరికిన మొదళ్ల నుంచే మళ్లీ పెరిగే కార్శి తోట దీన్ని ఇంకా బిగిస్తుంది. చెరకు ఒకసారి నాటితే మొక్క తోట తర్వాత రెండు మూడేళ్లు కార్శి వస్తుంది. నాటడానికి పెట్టిన ఖర్చు ఆ కార్శిలోనే తిరిగి రావాలి. మధ్యలో దున్నేస్తే ఆ పెట్టుబడి మట్టిపాలు. కాబట్టి ఒక ఏడాది కోత పడినా రైతు వెంటనే పంట మానలేడు, ఆ సంగతి ఫ్యాక్టరీకి బాగా తెలుసు.

ఎవరూ ఎందుకు ఫిర్యాదు చేయలేదని అడిగితే, ఒక పెద్దాయన కటింగ్ ఆర్డర్ గురించి చెప్పారు. తోట ఎప్పుడు నరకాలో ఫ్యాక్టరీ చీటీ ఇస్తుంది. గట్టిగా మాట్లాడినవాళ్ల చీటీ సీజన్ చివరికి పోతుందట. అప్పటికి గడ ఎండి బరువు తగ్గుతుంది, కార్శికి ఎదిగే కాలం కూడా తగ్గుతుంది. నిజంగా అలా చేశారో లేదో రికార్డుల్లో నేను తేల్చలేకపోయాను. ఆ భయం ఒక్కటి చాలు, ఒంటరిగా ఎవరూ సంతకం పెట్టరు.

బేరం ఎక్కడ పెట్టాలి

సీజన్‌లో చెరకు నరకకుండా ఆపుదామన్నది యువకుల ప్రతిపాదన. నేను వద్దన్నాను. నిలబెట్టిన చెరకుకి మొదట దెబ్బ తగిలేది రైతుకే, ఆ పోరులో ఫ్యాక్టరీ ఎక్కువ రోజులు తట్టుకుంటుంది. రైతుకి నిజమైన బలం నాటే ముందు ఉంటుంది. ఏటా మొత్తం విస్తీర్ణంలో సుమారు నాలుగో వంతు కార్శి ముగిసి మళ్లీ నాటడానికి వస్తుంది. ఆ రైతులు ఒప్పందం మీద సంతకం పడేదాకా చెరకు నాటకుండా వేరే పంట వేస్తే?

లెక్క ఇలా వచ్చింది. నాలుగో వంతు అంటే లక్ష టన్నులు. టన్నుకి 31 చొప్పున ఫ్యాక్టరీకి పోయేది 31 లక్షల కిలోలు. స్థిర ఖర్చు తగ్గదు. లాభం 36 లక్షల నుంచి 5 లక్షలకి పడిపోతుంది. అదే రేటు 66 చేస్తే పోయేది 9 లక్షలే. ఈ రెండు అంకెల కాగితాన్ని సంఘం, ఫ్యాక్టరీ తరఫున చెరకు కొనుగోలు చూసే కేన్ మేనేజర్ ముందు పెట్టింది. ఆయన మా లెక్కలో చిన్న సవరణలు చెప్పారు. అంచు ఊళ్లకిచ్చే సాయాన్ని మేం కలపలేదని, ఆడించే ఖర్చు కొంచెం తక్కువ వేశామని అన్నారు. అవి కలిపినా ఒకటి రెండు లక్షలే మారింది.

రేటు ఎంత అన్నదాని కన్నా, అది ఎలా తేలాలి అన్నదాని మీదే ఎక్కువ సేపు మాట్లాడాం. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఎన్నో ఏళ్లుగా వాడిన సూత్రం ఇందుకు చూడదగ్గది:

```
చెరకు ధర = చక్కెర ధర × 0.009 × (CCS − 4) + స్థిర మొత్తం
```

CCS అంటే చెరకులో తీయగలిగిన చక్కెర శాతం. అది 12 ఉండి, ఫ్యాక్టరీ అందులో 90 శాతం తీస్తే, ఆదాయంలో మూడింట రెండొంతులు రైతుకి పోతుంది. ఇందులో తెలివి ఎక్కడుందంటే, తీపి పెరిగితే ఆ లాభం రైతుకి పోతుంది, యంత్రాల సామర్థ్యం 90 దాటితే ఆ లాభం ఫ్యాక్టరీకి మిగులుతుంది. ఎవరి చేతిలో ఉన్న పనికి ఫలితం వాళ్లకే. నరికే తేదీ ఫ్యాక్టరీ చేతిలో ఉండటం వల్ల నష్టపోకుండా, ఆ వారం ఫ్యాక్టరీ సగటుతో పోల్చి రైతు CCS ని సరిచేసే పద్ధతి కూడా అక్కడ ఉంది. బ్రెజిల్‌లోని సావో పాలోలో కోన్సెకానా అనే ఉమ్మడి మండలి, రైతుల, ఫ్యాక్టరీల ప్రతినిధులతో, తీయగల మొత్తం చక్కెరని బట్టి ధర సూత్రం నడుపుతోంది. భారతదేశంలో 2012లో రంగరాజన్ కమిటీ చక్కెర ఆదాయంలో 75 శాతం, ఉప ఉత్పత్తులు కూడా కలిపితే 70 శాతం రైతుకివ్వాలని సూచించింది. కనీస దూరం నిబంధన ఎత్తేయాలని చెప్పింది కూడా ఆ కమిటీయే.

సూత్రం ఉంటే సరిపోదు, అందులో పెట్టే అంకె ఎవరు కొలుస్తారన్నదే అసలు ప్రశ్న. మా కేసులో ప్రయోగశాల ఫ్యాక్టరీది. ఒక్కో రైతు చెరకుని విడిగా పరీక్షించే ఏర్పాటు లేదు. రికవరీ అర శాతం తక్కువ చూపిస్తే టన్నుకి 5 కిలోలు మాయం, దాన్ని బయటినుంచి పట్టుకోవడం కష్టం. అడ్డంగా సరిచూసే దారి ఒకటి ఉంది: మొలాసిస్, పిప్పి, రసం వడకట్టగా మిగిలే ప్రెస్‌మడ్ లెక్కలతో చక్కెర లెక్క కలిపి చూడటం. లోపలికొచ్చిన చక్కెర ఎక్కడో ఒకచోట బయటికి రావాలి. ఆ లెక్కలు ఉమ్మడిగా ఆడిట్ చేయడానికి ఫ్యాక్టరీ ఒప్పుకోలేదు. సంఘం అడగటం ఆపలేదు.

ఒప్పుకున్నవి నాలుగు. రేటు చక్కెర అమ్మకపు ధరలో 66 కిలోలుగా కట్టారు, చక్కెర ధరతో పాటు అది పెరుగుతుంది, తగ్గుతుంది. యార్డులోకి రాగానే తూకం, బండి ఎంతసేపు నిలబడినా ఆ బరువుకే డబ్బు. తరుగు ఉమ్మడిగా తీసిన నమూనాతోనే, నమూనా లేని బండికి రెండు శాతం దాటకూడదు. 14 రోజుల్లో చెల్లింపు, దాటితే వడ్డీ. ఈ 14 రోజుల గడువు, ఆలస్యానికి ఏడాదికి 15 శాతం వడ్డీ భారతదేశపు 1966 ఉత్తర్వులో ఎప్పటినుంచో ఉన్నవే. అక్కడ అమలు కాకపోవడానికి ఒక కారణం, వడ్డీ అడగాల్సిన రైతు మళ్లీ అదే గేటుకి చెరకు తేవాలి. అందుకే మా ఒప్పందంలో వడ్డీని రైతు అడిగే పని లేకుండా, తర్వాతి చెల్లింపులో దానంతటదే కలిసేలా రాయించాం.

తర్వాతి సీజన్ చీటీలు తీసి అదే లెక్క మళ్లీ వేశాను. 66 లోంచి తరుగు 1.3, వడ్డీ 0.6 పోతే 64. పోయినేటి 53 తో పోలిస్తే 11 కిలోలు ఎక్కువ. అందులో రేటు తెచ్చింది నాలుగే. మిగతా ఏడు షరతులు తెచ్చినవి. వచ్చే బండి వెంటనే తూచాల్సి రావడంతో ఫ్యాక్టరీ కటింగ్ ఆర్డర్లని గానుగ వేగానికి తగ్గట్టు ఇవ్వడం మొదలుపెట్టింది, యార్డులో వరుస కూడా తగ్గింది.

అంచు ఊళ్లతో మాత్రం చిక్కు వచ్చింది. రేటు నాలుగు పెరగ్గానే వాళ్ల రవాణా సాయం 9 నుంచి 5 కి దిగింది. 62 కి 9 కలిపినా, 66 కి 5 కలిపినా 71 యే. "మాకేం ఒరిగింది?" అని వాళ్లు సంఘానికి చందా ఆపేశారు. షరతుల వల్ల వచ్చిన ఏడు కిలోలు వాళ్లకీ వచ్చాయని చీటీలు పెట్టి చూపించాల్సి వచ్చింది, కొందరు ఒప్పుకున్నారు, కొందరు ఒప్పుకోలేదు. వాళ్లు విడిపోతే సంఘం చేతిలో ఉన్న చెరకులో అవతలి ఫ్యాక్టరీకి నిజంగా పోగలిగిన భాగమే పోతుంది, బేరం బలం అక్కడే ఉంది. ఇప్పుడు సంఘం అడుగుతున్నది రవాణా సాయాన్ని దూరం లెక్కన అన్ని దిక్కుల ఊళ్లకీ ఒకే పట్టిక ప్రకారం ఇవ్వమని. ఫ్యాక్టరీ ఇంకా జవాబివ్వలేదు. వచ్చే నాట్లకి ముందు ఆ పట్టిక మీదే బేరం.